తయారుచేసినవాడికే లేని అనుభవం

2020 జులైలో ఒక ఉద్యోగ ప్రకటన ఫాస్ట్‌ఏపీఐలో నాలుగేళ్లకు పైగా అనుభవం కావాలంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన సెబాస్టియన్ రమీరెజ్ అది చూసి, తానే ఆ ఉద్యోగానికి పనికిరానని ట్విటర్‌లో చమత్కరించారు. ఆయన దాన్ని రూపొందించి అప్పటికి ఏడాదిన్నరే అయింది మరి!

కాబట్టి మొదట చూడాల్సింది, అడిగిన అనుభవం ఆ సాంకేతికత వయసును మించిందా అన్నది. రెండోది పనుల లెక్క. వెబ్‌సైట్ డిజైన్, సర్వర్ కోడింగ్, డేటాబేస్, క్లౌడ్, టెస్టింగ్ అన్నీ ఒక్కరికే అప్పగించి, ఫ్రెషర్ జీతం ఇస్తామంటే అనుమానించాల్సిందే.

అలాగని జాబితా పొడుగు చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. ‘బాధ్యతలు’ అన్న భాగం చదవండి. అక్కడ మళ్లీ మళ్లీ కనిపించే రెండు మూడు నైపుణ్యాలే అసలు అవసరం. అవి మీకు వస్తే దరఖాస్తు పెట్టండి. రెజ్యూమెలో లేని ఏళ్లు మాత్రం కలపొద్దు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. రానిదాని బదులు, దానికి దగ్గరగా మీరు చేసిన పనిని రాయండి.

ఇంటర్వ్యూలో ‘‘మొదటి ఆరు నెలలు నేను ఏం చేయాలండీ? టీమ్‌లో ఎంతమంది ఉంటారు?’’ అని అడగండి. ‘‘అన్నీ మీరే చూసుకోవాలి’’ అంటే, జీతం, పనిగంటలు తేలేదాకా సరేననొద్దు.