సున్నా వెనుక ఖాళీ

కొత్త డేటా చేతికి రాగానే మోడల్ జోలికి పోకండి. ముందు ఒక్కో వరుస ఎవరిదో తెలుసుకుని, ప్రతి కాలమ్‌లో కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడండి.

అమెరికాలోని పీమా తెగ మహిళల మధుమేహ డేటానే తీసుకుందాం. 768 వరుసలు. ఖాళీలు లెక్కపెడితే ఒక్కటీ లేదు. కానీ `df.describe()` కొట్టి చూస్తే రక్తపోటు కనిష్ఠం 0! బతికున్న మనిషికి అది అసాధ్యం. కొలత లేనిచోట సున్నా వేశారన్నమాట. ఇన్సులిన్ కాలమ్‌లో ఇలాంటివి 374, దాదాపు సగం. వాటితో కలిపి సగటు తీస్తే 80 దగ్గర వస్తుంది. తీసేస్తే 155 దాటుతుంది.

అయితే గర్భాల సంఖ్యలో సున్నా నిజమైనదే. అందుకే కాలమ్ అర్థం చూసుకుని, అసాధ్యమైన సున్నాలనే ఖాళీలుగా మార్చండి. సగం లేని ఇన్సులిన్‌ను సగటుతో పూడ్చడం కన్నా పక్కన పెట్టడమే మేలు.