ముందస్తు బెయిల్ వస్తే కేసు అయిపోయినట్టేనా? కోర్టు ఏ షరతులు పెట్టొచ్చంటే..

‘ముందస్తు బెయిల్ మంజూరు’ అని వార్త రాగానే ఇక కేసు కథ ముగిసిందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ ఉత్తర్వు కాపాడేది అరెస్ట్ నుంచి మాత్రమే. విచారణ, ఛార్జిషీట్, కోర్టు వాయిదాలు మామూలుగానే నడుస్తాయి.

ఉదాహరణకు, ఫ్లాట్ ఇస్తానని రూ.10 లక్షలు తీసుకుని మోసం చేశాడంటూ విజయవాడలో ఓ బిల్డర్‌పై చీటింగ్ కేసు నమోదైందనుకుందాం.

అరెస్ట్‌కు ముందా? తర్వాతా?

పోలీసులు ఇంకా అరెస్ట్ చేయకపోతే ఆ బిల్డర్ ముందస్తు బెయిల్ కోరవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 482 కింద సెషన్స్ కోర్టుకు గానీ, హైకోర్టుకు గానీ వెళ్లాలి. ఈ బెయిల్ ఇచ్చే అధికారం మేజిస్ట్రేట్‌కు లేదు. బెయిల్ వచ్చాక పోలీసులు అరెస్ట్ చేసినా, పూచీకత్తు తీసుకుని వదిలేయాల్సిందే.

అప్పటికే అరెస్ట్ అయిపోతే ముందస్తు బెయిల్ దారి మూసుకున్నట్టే. మేజిస్ట్రేట్ రిమాండ్ విధిస్తే జైలుకు వెళ్లి, అక్కడి నుంచి రెగ్యులర్ బెయిల్‌కు పిటిషన్ వేసుకోవాలి.

షరతులు ఏంటి?

చట్టంలోనే కొన్ని ఉన్నాయి. పోలీసులు పిలిచినప్పుడు విచారణకు రావాలి. కేసు గురించి తెలిసినవాళ్లను బెదిరించకూడదు, ఆశ చూపకూడదు. కోర్టు అనుమతి లేకుండా దేశం దాటకూడదు. వీటికి తోడు పాస్‌పోర్ట్ అప్పగించమని, వారానికోసారి స్టేషన్‌లో సంతకం పెట్టమని కూడా కోర్టు చెప్పొచ్చు.

మరి ‘ముందు ఆ రూ.10 లక్షలు కట్టు, తర్వాతే బెయిల్’ అనొచ్చా? మామూలుగా అయితే కుదరదు. ఢిల్లీకి చెందిన ఓ చీటింగ్ కేసులో 2023లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. బాకీ వసూలుకు బెయిల్ పిటిషన్ వేదిక కాదని స్పష్టం చేసింది. అంటే డబ్బు పోగొట్టుకున్నవాళ్లు బెయిల్ దగ్గరే తమ సొమ్ము తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకూడదు. రికవరీకి సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి.

ఎన్నాళ్లు ఉంటుంది?

ముందస్తు బెయిల్‌కు సాధారణంగా గడువు ఉండదు. కేసు విచారణ ముగిసేదాకా కొనసాగవచ్చని 2020లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం తీర్పునిచ్చింది. అయితే కేసు తీరును బట్టి కోర్టు గడువు పెట్టొచ్చు.

బిల్డర్ సాక్షికి ఫోన్ చేసి బెదిరించినా, విచారణకు ముఖం చాటేసినా పోలీసులు లేదా ఫిర్యాదుదారు బెయిల్ రద్దు చేయాలని కోరవచ్చు. కోర్టు ఒప్పుకుంటే మళ్లీ అరెస్ట్ తప్పదు. అందుకే బెయిల్ ఉత్తర్వు కాపీలో మొదటి లైను మాత్రమే కాదు, కింద ఉన్న షరతులన్నీ చదవాలి.