ధర రాయని ప్రకటన ఉండకూడదు

గేటెడ్ కమ్యూనిటీల్లో పాత సామాన్ల బేరం ఇప్పుడు ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే సాగుతోంది. ఇల్లు మారేవాళ్లు సోఫా పెడతారు, పిల్లలు ఎదిగినవాళ్లు సైకిలు పెడతారు. వందల ఇళ్లున్న చోట తగాదాలు రెండే రకాలు. 'ముందు అడిగింది నేను' అన్నది ఒకటి, 'ఈ లోపం ముందే చెప్పలేదేం' అన్నది రెండోది. గ్రూపు నియమాలు ఈ రెండింటికీ ముందే జవాబు చెప్పగలిగితే చాలు.

'ఫ్రిజ్ అమ్మకానికి ఉంది, మంచి కండిషన్, కావాల్సినవాళ్లు మెసేజ్ చేయండి' అని పెడితే ఏమవుతుంది? ఎన్ని లీటర్లు, ఎంతకిస్తారు, ఎప్పుడు కొన్నారు అంటూ ప్రశ్నలు వరుస కడతాయి. జవాబులు వచ్చేసరికి ఫొటో ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. అదే ఫ్రిజ్‌ను ఇలా పెట్టి చూడండి:

అమ్మకానికి: డబుల్ డోర్ ఫ్రిజ్, 265 లీటర్లు
కొన్నది: 2019 జూన్, బిల్లు ఉంది
ధర: రూ.8,000
లోపాలు: కింది తలుపు రబ్బరు ఒక మూల చిరిగింది, లోపలి లైటు వెలగదు
చూడటానికి: సి బ్లాక్ 704, సాయంత్రం 6 నుంచి 8
తీసుకెళ్లాల్సింది: 28వ తేదీలోపు, మోత కూలీ కొన్నవారిదే

ఇందులో అందరూ ఎగ్గొట్టాలని చూసేది ధర. 'విడిగా చెబుతా' అంటే అడిగిన మనిషిని బట్టి ధర మారుతుందన్న అనుమానం వస్తుంది. అందుకే ధర లేని ప్రకటనను అడ్మిన్ తీసేయాలి. లోపాల గడి ఖాళీగా వదలకూడదు. లోపమేమీ లేకపోతే 'లేదు' అనైనా రాయాలి, ఉంటే దాని ఫొటో కూడా పెట్టాలి. తర్వాత మాట తేడా వస్తే తేల్చేది ఆ గడే. ఫ్రిజ్ లాంటివైతే కొనేవారు వచ్చేసరికి కొన్ని గంటలుగా నడుస్తూ ఉండాలి. ప్లగ్గు తీసి పెట్టిన ఫ్రిజ్ చల్లబడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు.

వివరాలను ఫొటో కిందే, ఒకే మెసేజ్‌లో రాయాలి. విడివిడిగా పెడితే మధ్యలో వేరేవాళ్ల మాటలు దూరి, ఏ ధర దేనిదో తెలియకుండా పోతుంది.

ఇక వరుస సంగతి. కావాల్సినవాళ్లు అసలు ప్రకటనకే రిప్లై ఇస్తూ 'నాకు కావాలి' అని గ్రూపులోనే రాయాలి. పక్కనే పడే సమయమే సాక్ష్యం. మన ఫ్రిజ్‌కు 9:10కి ఎ బ్లాక్ వాళ్లు 'ఏడు వేలకిస్తారా' అన్నారనుకోండి. 9:25కి బి బ్లాక్ వాళ్లు 'ఎనిమిదికి నాకు కావాలి' అన్నారు. 9:40కి డి బ్లాక్ వాళ్లు తొమ్మిది వేలు ఇస్తామన్నారు. ఫ్రిజ్ బి బ్లాక్‌ది. రాసిన ధరకు మొదట ఒప్పుకున్నవారిదే వరుస. బేరమాడేవారికి అది దక్కదు, పైన వెయ్యి వేసినా దక్కదు. లేకపోతే ప్రతి ప్రకటనా వేలంపాటగా మారుతుంది. అయితే బి బ్లాక్ వాళ్లు మర్నాడు సాయంత్రంలోగా వచ్చి చూడాలి. రాకపోతే ఆ ధరకు ఒప్పుకున్న తర్వాతివారికి కబురు వెళ్తుంది.

అమ్మాక ఆ సంగతి చెప్పడం అమ్మినవారి పని. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌ను 15 నిమిషాల్లోపే దిద్దగలం, కాబట్టి మర్నాడు పాత ప్రకటనలో మార్పు చేయడం కుదరదు. దానికే రిప్లైగా 'అమ్ముడైంది' అని రాస్తే తర్వాత చూసేవారు అడగరు. అమ్ముడుపోకపోతే వారానికొకసారి మాత్రమే మళ్లీ పెట్టనివ్వాలి. సామాను బయటి ఊరికి పోతుంటే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతుంది. అమ్మినవారు ముందే గేట్ పాస్ ఇవ్వాలి.

కొన్నింటిని అసలు పెట్టనివ్వకూడదు. గ్యాస్ సిలిండర్ మనకు డిపాజిట్ మీద ఇచ్చిన కంపెనీ ఆస్తి, దాన్ని ఏజెన్సీకి తిరిగివ్వాలే కానీ అమ్మకూడదు. మిగిలిపోయిన మందులూ అంతే, వాటి అమ్మకానికి లైసెన్సు కావాలి. పాత ఫోను కొనేవారు *#06# నొక్కితే కనిపించే 15 అంకెల ఐఎంఈఐ నంబరును `KYM` తర్వాత ఖాళీ వదిలి టైపు చేసి, 14422కు ఎస్సెమ్మెస్ పంపి చూసుకోవాలి. బ్లాక్‌లిస్టులో ఉందని జవాబొస్తే ఆ ఫోను వద్దు.

డబ్బు వస్తువు చూశాకే. అడ్వాన్సు పంపుతాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే అది మోసమే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. ఇలాంటివారు చాలావరకు బయటివాళ్లే కాబట్టి, ఫ్లాటు నంబరు సరిచూడకుండా ఎవరినీ గ్రూపులో చేర్చుకోకూడదు.

చూసి, డబ్బిచ్చి తీసుకెళ్లిన వస్తువు మూడు నెలలకు పాడైతే అడ్మిన్ చేయగలిగిందేమీ లేదు. ఆయన వారంటీ ఇచ్చేవాడు కాదు. తెలిసిన లోపాన్ని దాచారని తేలితే మాత్రం, అలాంటివారిని గ్రూపులోంచి తీసేసే అధికారం ఆయనకుంది. నియమాల్లో ఈ మాట మొదటే రాసి ఉండాలి.