నొప్పి చెప్పని పాదాన్ని వేలితో అడగాలి

షుగరు మాత్రల కోసం సబ్‌సెంటర్‌కి వచ్చేవాళ్లు చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొస్తారు. బీపీ చూస్తారు, వేలికి సూది గుచ్చి షుగరు చూస్తారు, మాత్రలిస్తారు. వట్టి పాదాలు ఎదురుగానే ఉన్నా, అరికాలు ఎత్తి చూసేవాళ్లు తక్కువ. పల్లె క్లినిక్కుల్లో పనిచేసే నర్సులకు, ఏఎన్ఎంలకు పాద సంరక్షణ మీద ఇచ్చే శిక్షణ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఏళ్ల తరబడి షుగరు ఎక్కువగా ఉంటే పాదాల్లోని నరాలు దెబ్బతింటాయి. కొందరికి మంటలు, తిమ్మిర్లు వస్తాయి. కొందరికి ఏ బాధా ఉండదు. స్పర్శ మాత్రం కాలివేళ్ల కొసల నుంచి పైకి తగ్గిపోతూ వస్తుంది. ముల్లు దిగినా, చెప్పు ఒరుసుకున్నా తెలియదు. తెలియదు కాబట్టి ఆ పుండు మీదే నడుస్తారు. ‘కాళ్లు నొప్పిగా ఉన్నాయా?’ అంటే ‘లేవమ్మా’ అనే జవాబొస్తుంది. ‘చెప్పు జారిపోయినా తెలియకుండా ఎప్పుడైనా నడిచెళ్లావా పెద్దమ్మా?’ అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

స్పర్శ చూడటానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి ఉంది. అయితే వాడేకొద్దీ దాని బిగువు తగ్గుతుంది, చిన్న సెంటర్లలో అది దొరకకపోవచ్చు కూడా. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు పరికరమేదీ అక్కర్లేని పరీక్ష ఒకటి రూపొందించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. మన నర్సులకు ముందు నేర్పాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

మనిషిని కళ్లు మూసుకోమని, తాకినట్టు తెలిస్తే ‘కుడి’ అనో ‘ఎడమ’ అనో చెప్పమనాలి. చూపుడువేలి కొసతో ముందు కుడికాలి బొటనవేలు, చిటికెనవేలు, తర్వాత ఎడమకాలివి, చివరికి రెండు కాళ్ల నడిమివేళ్లు తాకాలి. వేలికొస మీద మెత్తగా, ఒకటి రెండు సెకన్లు ఆనిస్తే చాలు. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే ఆ పాదాలకు రక్షణ పోయినట్టే.

శిక్షణలో నర్సులు ఒకరి పాదాలు ఒకరు పరీక్షించుకోవాలి, ఎందుకంటే పొరపాట్లు చేతిలోనే ఉంటాయి. జవాబు రాకపోతే జాలిపడి గట్టిగా నొక్కుతారు. నొక్కితే లోతు నరాలు పలుకుతాయి, పరీక్ష వృథా. ‘ఇప్పుడు తెలుస్తోందా?’ అని అడిగితే నర్సమ్మను నొప్పించలేక పేషెంటు ‘ఆఁ’ అంటాడు. తాకేటప్పుడు ఏమీ అడగకూడదు. జవాబు రాని వేలిని మళ్లీ తాకకుండా ‘తెలియలేదు’ అని రాసుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. యాభై దాటిన వ్యవసాయ కూలీ, పదేళ్లుగా షుగరు. ఆరు వేళ్లలో మూడు తెలియలేదు. కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు గట్టి ఆనికాయ ఉంది, దాని మధ్యలో నల్లటి మచ్చ. మట్టి అనుకుని తుడిచి వదిలేస్తారు. తుడిచినా పోకపోతే అది ఆనికాయ కింద చేరిన రక్తం కావచ్చు, లోపల పుండు పడుతోందనడానికి గుర్తు. ఇక్కడ నర్సు బ్లేడు పట్టకూడదు, కార్న్ ప్లాస్టర్ వేయకూడదు. పాదం పైభాగాన నాడి అందుతోందో లేదో చూడాలి. ఆ కాలి మీద బరువు వేయొద్దని, పొలం పని ఆపమని చెప్పి పెద్దాసుపత్రికి చీటీ రాయాలి. అక్కడ ఆనికాయను తగ్గించి, ఆ చోటు మీద బరువు పడకుండా మెత్తటి ఎంసీఆర్ చెప్పులు ఏర్పాటు చేస్తారు. కుష్ఠు కార్యక్రమంలో పనిచేసిన సిబ్బందికి ఈ చెప్పులు పరిచయమే.

కొన్ని పాదాలకు అంత వ్యవధి కూడా ఉండదు. పుండు చుట్టూ ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటినా, చీము, దుర్వాసన, జ్వరం ఉన్నా, వేలు నల్లబడినా అదే రోజు పంపాలి. పుండేదీ లేకుండా ఒక పాదమే వాచి, ఎర్రబడి, రెండోదానికన్నా వేడిగా ఉంటే బెణుకని కట్టు కట్టి పంపేస్తుంటారు. స్పర్శ లేని పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతిన్నా అలాగే కనిపిస్తుంది. నడిచినకొద్దీ పాదం ఆకారమే మారిపోతుంది. ఆ మనిషిని నడిపించకుండా, వాహనంలోనే పంపించాలి.

స్పర్శ పోయిందని తేలినవాళ్లకు నర్సు ఇంటికి చెప్పి పంపాల్సినవి కొన్నే. వేడినీళ్లలో కాలు పెట్టేముందు మోచేతితో చూసుకోవాలి. వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలి. కొబ్బరినూనె అరికాలికి, మడమకు రాసుకోవచ్చు, సందుల్లో మాత్రం వద్దు. చెప్పులు వేసుకునేముందు చేత్తో తడిమి చూడాలి. అరికాలు తమకు కనపడకపోతే మనవడో కోడలో రోజూ చూడాలి.

మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్లుంటే ఈసారి మాత్రలకు వెళ్లినప్పుడు, ‘నా పాదాలు కూడా చూడమ్మా’ అని నర్సుని అడగమనండి.