బిల్లు లెక్కే తప్పు పట్టిస్తుంది

హార్డ్‌వేర్ షాపు బిల్లును స్కాన్ చేసి టెసరాక్ట్‌కి ఇస్తే, రెండు వరుసలు ఇలా వచ్చాయనుకుందాం:

```
PVC Pipe   12  l45.OO  1,740.00
Ball Valve  3  170.00    330.00
```

మొదటి వరుసలో 1 కాస్తా l అయింది, సున్నాలు O అయ్యాయి. ఇలాంటి మార్పిడిని అంకెల గడుల్లోనే చేయాలి. వరుస మొత్తానికీ చేస్తే Ball, Valve పేర్లు పాడవుతాయి. దిద్దాక 12 × 145 = 1,740. సరిపోయింది.

రెండో వరుసే అసలు ప్రమాదం. అన్నీ అంకెలే, కంటికి తప్పు కనబడదు. కానీ 3 × 170 అంటే 510, బిల్లులో 330. ఏది తప్పు? రేటు 110 అయితే ఒక్క అంకె మారితే చాలు. 1ని 7గా చదవడం మామూలే. మొత్తం 510 కావాలంటే రెండంకెలు మారాలి. అందుకే ముందు 110 అనుకుని, బిల్లు అడుగున ఉన్న మొత్తంతో సరిచూడాలి. అక్కడ పన్నుకు ముందు 2,070 ఉంటే అనుమానం తీరినట్టే.

సరుకు పేర్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. వాటిని స్టాకు జాబితాతో పోల్చాలి. ఒకే వరుసలో రెండు గడులు చెడితే ఊహించకుండా, ఆ వరుసను మనిషి చూడటానికి పక్కన పెట్టడమే నయం.