గడువుకు ముందే బయటపడ్డ ఎర్రకణాలు

పెద్దవాళ్ల రక్తంలో తిరిగే ఎర్రకణానికి కేంద్రకం ఉండదు. ఎముక మూలుగలో పుట్టి, దాదాపు వారం రోజులు అక్కడే ఎదిగి, బయటికి వచ్చే ముందు తన కేంద్రకాన్ని వదిలేస్తుంది. పక్కనే ఉండే మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగేస్తుంది. పుట్టిన పసిపిల్లల రక్తంలో కేంద్రకం ఉన్న ఎర్రకణాలు మొదటి కొద్ది రోజులు కొన్ని కనిపిస్తాయి, అది మామూలే. అరవై ఏళ్ల మనిషి స్లైడ్ మీద అవే కనిపిస్తే మాత్రం పాథాలజిస్ట్ అక్కడ ఆగిపోతారు. మూలుగ గోడ దాటి ఇవి ఎలా వచ్చాయన్నదే ఆయన ముందున్న ప్రశ్న.

ఆ గోడ నిజంగానే ఉంది. మూలుగలోని సన్నని రక్తనాళాల గోడల్లో ఉండే సందులు చాలా ఇరుకు. కేంద్రకం గట్టిగా ఉంటుంది కనుక దాంతో సహా ఆ సందుల్లోంచి దూరడం ఎర్రకణానికి కష్టం. కేంద్రకం పోయాక ఎటు వంచితే అటు వంగుతుంది, తేలిగ్గా జారిపోతుంది. తెల్లకణాలకూ ఇలాంటి కట్టడే ఉంది. మైలోసైట్, మెటామైలోసైట్ అనే లేత దశలు మూలుగలోనే ఉండిపోతాయి, ఎదిగినవే బయటికొస్తాయి. మూలుగలో నారలాంటి కణజాలం పేరుకున్నా, వేరేచోట పుట్టిన క్యాన్సర్ కణాలు వచ్చి చేరినా ఈ ఏర్పాటు చెదిరిపోతుంది. అప్పుడు గాలివానకు పిందెలు రాలినట్టు లేత ఎర్రకణాలూ, లేత తెల్లకణాలూ కలిసి రక్తంలోకి వచ్చేస్తాయి. ఈ రెండూ కలిసి కనిపించడాన్నే ల్యూకోఎరిత్రోబ్లాస్టిక్ పిక్చర్ అంటారు.

డాక్టర్లు తరచూ చూసే తరహా కేసు ఒకటి తీసుకుందాం. 62 ఏళ్ల రైతు. కొన్ని నెలలుగా నీరసం, బరువు తగ్గడం. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతుంది, ఎడమ పక్కటెముకల కింద బరువుగా ఉంటుంది. పరీక్షిస్తే ప్లీహం బొడ్డు దాకా పెరిగి చేతికి తగులుతుంది. హిమోగ్లోబిన్ 8.4, తెల్లకణాలు 18,000. ఈ రెండు అంకెలే చూస్తే రక్తహీనత, దాంతోపాటు ఏదో ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ రాసి పంపేసే ప్రమాదం ఉంది.

స్లైడ్ మరో కథ చెబుతుంది. ఒక రక్తపు చుక్కను గాజు పలక మీద పలచగా పరిచి, లీష్‌మన్ రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, ముదురు ఊదారంగు గుండ్రటి కేంద్రకం ఉన్న చిన్న కణాలు అక్కడక్కడా కనిపిస్తాయి. పైపైన చూస్తే లింఫోసైట్ అనే తెల్లకణంలాగే ఉంటాయి. తేడా కేంద్రకం చుట్టూ ఉన్న రంగులో తెలుస్తుంది. లింఫోసైట్‌కి చుట్టూ నీలం అంచు ఉంటుంది, దీనికి గులాబీ లేదా బూడిద కలిసిన గులాబీ రంగు ఉంటుంది. ఆ గులాబీ హిమోగ్లోబిన్‌ది. ప్రతి వంద తెల్లకణాలకు ఇలాంటివి 12 కనిపించాయనుకోండి. పాత తరహా మెషీన్ వీటినీ తెల్లకణాలుగానే లెక్కేసి ఉంటుంది. 18,000ను 100తో గుణించి 112తో భాగిస్తే అసలు సంఖ్య సుమారు 16,100 అని తేలుతుంది. ఇప్పటి చాలా మెషీన్లు వీటిని విడిగా లెక్కిస్తాయి. అయినా స్లైడ్ చూడాల్సిందే, ఎందుకంటే కణం ఆకారం అక్కడే తెలుస్తుంది.

ఆకారంలోనే రెండో ఆధారం దొరుకుతుంది. చాలా ఎర్రకణాలు ఒకవైపు గుండ్రంగా, మరోవైపు తోక సాగి కన్నీటి చుక్కల్లా ఉంటాయి. నార నిండిన మూలుగలోంచి, ఉబ్బిన ప్లీహంలోంచి ఇరుక్కుంటూ రావడం వల్ల ఇలా సాగుతాయని ఎక్కువమంది వివరణ. ప్లీహాన్ని తీసేశాక ఈ కణాలు తగ్గడం కూడా గమనించారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్లైడ్ సరిగా పరచకపోయినా ఎర్రకణాలకు తోకలు వస్తాయి. కాకపోతే అవన్నీ ఒకే దిక్కుకు తిరిగి, కొసలు వాడిగా ఉంటాయి. నిజమైన టియర్‌డ్రాప్ కణాల తోకలు తలో దిక్కుకూ ఉంటాయి, కొసలు మొద్దుగా ఉంటాయి.

తర్వాతి అడుగు మూలుగ పరీక్ష. తుంటి ఎముక వెనుక భాగంలో మత్తిచ్చి, సూది దింపి, సిరంజితో లాగుతారు. మామూలుగా ఎర్రటి ద్రవం వస్తుంది. ఈ రైతు విషయంలో ఎంత లాగినా ఏమీ రాదు. దీన్ని డ్రై ట్యాప్ అంటారు. సూది తప్పు చోట దిగిందనుకుని వదిలేయకూడదు. లోపలి కణాలను నార గట్టిగా పట్టుకుని ఉండటం వల్లే చాలాసార్లు ఇలా జరుగుతుంది. అందుకే అదే చోటు నుంచి ఎముక ముక్కను సన్నటి పుల్లలా తీసి బయాప్సీకి పంపుతారు. దానికి వెండి కలిసిన ప్రత్యేక రంగు వేస్తే, రెటిక్యులిన్ నారలు నల్లటి వలలా పైకి తేలుతాయి. అవి ఎంత దట్టంగా ఉన్నాయన్నదాన్ని బట్టి సున్నా నుంచి 3 వరకు గ్రేడ్ ఇస్తారు.

రైతుది ప్రైమరీ మైలోఫైబ్రోసిస్ అని తేలుతుంది. 1879లో జర్మన్ వైద్యుడు గుస్తావ్ హాయిక్ వర్ణించిన జబ్బు ఇది. కణాలకు ఎదగమని సందేశం ఇచ్చే JAK2 జన్యువులో ఒక మార్పు ఈ రోగుల్లో సగానికి పైగా ఉంటుందని 2005 తర్వాత స్పష్టమైంది. ఇందులో జబ్బు మూలం రక్తం తయారుచేసే మూలకణంలో ఉంది, నారలో కాదు. ప్లేట్‌లెట్లను తయారుచేసే పెద్ద కణాలు గాడి తప్పి కొన్ని పదార్థాలను విడుదల చేస్తాయి, వాటి ప్రేరణతో పక్కనున్న మామూలు కణాలు నార అల్లుతాయి. మూలుగలో చోటు చాలక రక్తం తయారీ ప్లీహానికీ కాలేయానికీ పాకుతుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు రక్తం తయారైంది అక్కడ కూడా కదా. రుక్సోలిటినిబ్ లాంటి మందులు ప్లీహాన్ని తగ్గించి, నీరసాన్నీ చెమటల్నీ అదుపులో పెడతాయి. జబ్బును పూర్తిగా నయం చేసే అవకాశం ఉన్నది మూలకణాల మార్పిడికే, దాన్ని అందరి శరీరమూ తట్టుకోలేదు.

ఇదే స్లైడ్ 54 ఏళ్ల మహిళది అయ్యుంటే ఆలోచన మరో దారిన పోవాలి. కొన్నేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స జరిగింది. ఇప్పుడు నడుము నొప్పి, హిమోగ్లోబిన్ 9, ప్లీహం మామూలుగానే ఉంది. బయాప్సీలో మూలుగ కణాల నడుమ గుంపులుగా పరాయి కణాలు కనిపిస్తే క్యాన్సర్ ఎముకలోకి పాకినట్టే. రొమ్ము, ప్రొస్టేట్, ఊపిరితిత్తులు, జీర్ణాశయం క్యాన్సర్లలో ఇది చూస్తుంటారు.

స్లైడ్ అనుమానాన్ని రేపుతుందే తప్ప జబ్బు పేరు చెప్పదు. తీవ్రమైన సెప్సిస్‌లో, భారీ రక్తస్రావం తర్వాత, ఎర్రకణాలు వేగంగా పగిలిపోయే జబ్బుల్లో కూడా లేత కణాలు కొంతకాలం బయటికొస్తాయి. థలసీమియాలో, బి12 లోపంలో కూడా టియర్‌డ్రాప్ కణాలు కనిపిస్తాయి. మన దేశంలో మరో కారణాన్ని అసలు మరచిపోకూడదు. క్షయ ఒళ్లంతా పాకి మూలుగలోకి చేరితే స్లైడ్ అచ్చం ఇలాగే ఉండవచ్చు, నార కూడా పేరుకోవచ్చు. జ్వరం, బరువు తగ్గడం, ప్లీహం పెరగడం రెండింట్లోనూ ఉంటాయి కనుక పొరబడటం తేలిక. బయాప్సీలో గ్రాన్యులోమాలు కనిపిస్తాయా అని వెతకడం, మూలుగను క్షయ పరీక్షలకు కూడా పంపడం అందుకే. క్షయ అని తేలి మందులు సకాలంలో పడితే మూలుగ కోలుకుని, రక్తంలోంచి ఆ లేత కణాలు మాయమైన రోగులూ ఉన్నారు.