వేలు చూపితే దొరకనివి

ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో, 2017 జనవరి 31న రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజినీరు డేటాబేస్‌తో తంటాలు పడుతున్నారు. అసలు డేటాబేస్ ఉన్న సర్వర్ db1, దాని నకలు ఉండేది db2. నకలు వెనకబడిపోయింది, ఎంతకీ అందుకోవడం లేదు. db2లోని డేటా ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెడదామని ఆయన కమాండ్ కొట్టారు. ఒకటి రెండు సెకన్లలోనే తెలిసింది, అది పనిచేస్తున్నది db1 మీద అని. ఆపేసరికి 300 జీబీ దాకా పోయింది. మిగిలింది నాలుగున్నర జీబీ.

చాలా ఆఫీసుల్లో ఇలాంటి కథ మెమోతో, సంజాయిషీతో, ‘ఇకపై జాగ్రత్తగా ఉండాలి’ అన్న సర్క్యులర్‌తో ముగుస్తుంది. నిందలేని సమీక్షలో మొదటి ప్రశ్న వేరు: ఆ క్షణాన ఆ పని సరైనదేనని ఆయనకెందుకు అనిపించింది? నకలు తీసే pg_basebackup అనే ప్రోగ్రాం, అసలు సర్వర్ నుంచి డేటా మొదలయ్యేదాకా ఏ సందేశమూ ఇవ్వకుండా ఎదురుచూస్తుంది. చూసేవాళ్లకు అది ఆగిపోయినట్టే ఉంటుంది. పాత ఫోల్డరే అడ్డుపడుతోందని అనుకోవడం సహజం. పైగా రెండు సర్వర్ల పేర్లకూ తేడా ఒక్క అంకె.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. పోతే పోయింది, బ్యాకప్ ఉందిగా అని వెళ్లి చూస్తే అక్కడ ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, బ్యాకప్ తీసే pg_dump మాత్రం 9.2ది. రెండిటికీ పొసగక అది ప్రతిసారీ విఫలమవుతోంది. విఫలమైతే ఈమెయిల్ రావాలి. సరైన ధ్రువీకరణ లేదని ఆ మెయిళ్లను అవతలి సర్వర్ తిప్పికొట్టేసింది. బ్యాకప్‌ను ఎవరూ పరీక్షించి చూడలేదేం? ఆ బాధ్యత ఫలానావారిదని లేదు కాబట్టి. నివేదికలో ఇదే మాట రాసుకున్నారు.

అదే ఇంజినీరు వేరే పని కోసం దాదాపు ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి గండం గడిచింది. మధ్యలోని ఆరు గంటల్లో చేరిన డేటా, సుమారు 5,000 ప్రాజెక్టులు, దాదాపు అన్నే వ్యాఖ్యలు, 700 మంది యూజర్ల ఖాతాలతో సహా పోయింది. ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసినా బ్యాకప్ ఖాళీగానే ఉండేది, ఆ మెయిళ్లూ వెనక్కే పోయేవి.

ఇక పాఠాలు. ‘బ్యాకప్‌ల పట్ల మరింత శ్రద్ధ అవసరం’ అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ కదలరు. అది పూర్తయిందో లేదో చెప్పే దారే లేదు. గిట్‌ల్యాబ్ జాబితా తీరు వేరు: ఏ సర్వర్‌లో ఉన్నామో స్పష్టంగా తెలిసేలా తెరమీది ప్రాంప్ట్ మార్చాలి, డేటా భద్రతకు ఒక బాధ్యుణ్ని నియమించాలి, బ్యాకప్ నుంచి డేటాబేస్ తిరిగొస్తోందో లేదో యంత్రమే పరీక్షించాలి. ఒక్కోదానికీ టికెట్ నంబరు వేసి, రోజువారీ పనులు నమోదయ్యే చోటే, బయటివాళ్లకూ కనబడేలా పెట్టారు. సమీక్షలు రాసేవాళ్లు తమ ఫైలుకు పెట్టుకోదగ్గ పరీక్ష కూడా ఇక్కడే ఉంది. మూడు నెలలయ్యాక ఒక్కో అంశం దగ్గరా ఇది ఎవరి పని, అయిందని చూపేదేమిటి అని అడగాలి. జవాబు దొరకని అంశాన్ని చేయగలిగే పనిగా తిరగరాయాలి, లేదా చేయడం లేదని ఒప్పుకుని కొట్టేయాలి.